పచ్చగా ఉన్న గడి ఏం చెబుతోంది? రిక్వైర్‌మెంట్ ట్రేసబిలిటీ మ్యాట్రిక్స్‌లో కనిపించని ఖాళీలు

“వరుసగా ఐదుసార్లు తప్పు పాస్‌వర్డ్ ఇస్తే ఖాతా 30 నిమిషాల పాటు లాక్ కావాలి. ఆ సంగతి యూజర్‌కు ఈమెయిల్‌లో తెలియజేయాలి.”

నేను టెస్టింగ్ చేసిన ఒక ప్రాజెక్టులో ఈ రిక్వైర్‌మెంట్ ఉండేది. మ్యాట్రిక్స్‌లో దాని ఎదురుగా ఒక టెస్ట్ కేస్ నంబరు, దాని పక్కన పచ్చ రంగు. మూడు రిలీజుల పాటు ఆ గడి పచ్చగానే ఉంది. ఆ తర్వాత సెక్యూరిటీ తనిఖీకి వచ్చినవాళ్లు ఒక ఖాతాను కావాలనే లాక్ చేసి చూశారు. అర నిమిషానికల్లా అది మళ్లీ తెరుచుకుంది. సెట్టింగుల్లో రాసిన 30 అనే అంకెను ప్రోగ్రామ్ నిమిషాలుగా కాకుండా సెకన్లుగా చదువుతోంది.

తేడా చిన్నది కాదు. 30 నిమిషాల లాక్ ఉంటే, ఒక ఖాతా మీద పాస్‌వర్డ్ ఊహించేవాడికి రోజుకు 240 ప్రయత్నాలు మించి దొరకవు. 30 సెకన్ల లాక్ అయితే 14,400 దొరుకుతాయి. ఆ రిక్వైర్‌మెంట్ రాసిందే ఈ దాడిని ఆపడానికి.

ఇందులో టెస్ట్ రాసినవాళ్లు అబద్ధం చెప్పలేదు, నడిపినవాళ్లూ బద్ధకించలేదు. ఐదుసార్లు తప్పు పాస్‌వర్డ్ కొట్టారు, “మీ ఖాతా లాక్ అయింది” అనే సందేశం వచ్చింది, పాస్ అని రాశారు. ఆ టెస్ట్ లాక్ పడటాన్ని చూసింది, ఎంతసేపు ఉందో చూడలేదు. మ్యాట్రిక్స్ మాత్రం రిక్వైర్‌మెంట్ మొత్తానికీ పచ్చ రంగు వేసేసింది. ఖాళీ గడి ఎవరికైనా కనిపిస్తుంది. నిండిన గడిలో ఉన్న ఖాళీని వెతికి పట్టుకోవాలి. ఈ వ్యాసంలో ప్రధానంగా దాని గురించే చెబుతాను.

ముందు మ్యాట్రిక్స్ సంగతి

రిక్వైర్‌మెంట్ ట్రేసబిలిటీ మ్యాట్రిక్స్ అంటే, చాలామంది ఆర్‌టీఎం అంటారు, ఒక పట్టిక. అడ్డు వరుసల్లో రిక్వైర్‌మెంట్లు, నిలువు వరుసల్లో టెస్ట్ కేసులు. ఏ రిక్వైర్‌మెంట్‌ను ఏ టెస్ట్ పరీక్షిస్తుందో ఆ రెండూ కలిసే గడిలో గుర్తు పెడతాం. ఎక్సెల్‌లో చేసినా, పెద్ద టూల్‌లో చేసినా లోపల ఉండేది ఇదే.

దీన్ని రెండు వైపుల నుంచి చదవాలి. అడ్డంగా చదివితే “ఈ రిక్వైర్‌మెంట్‌ను ఎవరైనా పరీక్షిస్తున్నారా?” అనేది తెలుస్తుంది. దాన్ని ఫార్వర్డ్ ట్రేసబిలిటీ అంటారు. నిలువుగా చదివితే “ఈ టెస్ట్ ఎందుకుంది? ఎవరు అడిగితే వచ్చింది?” అనేది తెలుస్తుంది. అది బ్యాక్‌వర్డ్. విమానాల్లో వాడే సాఫ్ట్‌వేర్‌కు 2011లో వచ్చిన డీఓ-178సి ప్రమాణం రెండు దిశల్లోనూ జాడ ఉండాలని అడుగుతుంది. రిక్వైర్‌మెంట్ నుంచి కోడ్ దాకా, రిక్వైర్‌మెంట్ నుంచి టెస్ట్ దాకా, టెస్ట్ నుంచి దాని ఫలితం దాకా, అక్కడి నుంచి మళ్లీ వెనక్కి. మామూలు ప్రాజెక్టుల్లో ఎక్కువమంది అడ్డంగా మాత్రమే చదివి ఊరుకుంటారు. నిలువుగా చదివితే బయటపడేవి ఏమిటో కాసేపట్లో చూద్దాం.

ఒక లాగిన్ మాడ్యూల్‌ను ఉదాహరణగా తీసుకుందాం. అర్థం కావడానికి చిన్నదిగా, ఆరు రిక్వైర్‌మెంట్లతో సరిపెడతాను. R-01: సరైన వివరాలిస్తే లోపలికి వెళ్లాలి. R-02: వివరాలు తప్పయితే, యూజర్ పేరు తప్పా పాస్‌వర్డ్ తప్పా అనేది బయటపడకుండా ఒకే సందేశం రావాలి. R-03: పైన చెప్పిన లాక్ సంగతి. R-04: 15 నిమిషాలు ఏమీ చేయకుండా వదిలేస్తే సెషన్ ముగియాలి. R-05: పాస్‌వర్డ్ రీసెట్ లింకు ఒక్కసారే పనిచేయాలి. R-06: లాగిన్ అయినా, కాకపోయినా ప్రతి ప్రయత్నమూ ఆడిట్ లాగ్‌లో నమోదు కావాలి.

వీటికి ఏడు టెస్టులున్నాయి. మ్యాట్రిక్స్ ఇలా ఉంది:

```
       T-11  T-12  T-13  T-14  T-15  T-16  T-17
R-01    x
R-02          x     x
R-03                      x
R-04                            x
R-05                                  x
R-06
```

T-12 తప్పు పాస్‌వర్డ్‌తో, T-13 లేని యూజర్ పేరుతో ప్రయత్నిస్తాయి. రెండూ R-02 కిందికే వస్తాయి. T-14 ఐదుసార్లు తప్పు కొట్టి లాక్ సందేశం చూస్తుంది. T-15 సెషన్‌ను 15 నిమిషాలు వదిలేసి, ముగిసిందో లేదో చూస్తుంది. T-16 రీసెట్ లింకును రెండుసార్లు నొక్కుతుంది.

కంటికి వెంటనే కనిపించేవి రెండు. R-06 వరుస ఖాళీ, అంటే ఆడిట్ లాగ్‌ను ఎవరూ పరీక్షించడం లేదు. T-17 నిలువు వరుస కూడా ఖాళీ. తెరిచి చూస్తే అది “నన్ను గుర్తుంచుకో” చెక్‌బాక్స్‌ను పరీక్షిస్తోంది. అలాంటి రిక్వైర్‌మెంట్ ఎక్కడా లేదు.

ఇలాంటి అనాథ టెస్టును చూడగానే తీసేయాలనిపిస్తుంది. తొందరపడకండి. ఆ చెక్‌బాక్స్ స్క్రీన్ మీద నిజంగా ఉంటే, ఎవరూ అడక్కుండానే ఎవరో కట్టేశారన్నమాట. పైగా అది R-04కు అడ్డం వస్తుంది. సెషన్ 15 నిమిషాల్లో ముగియాలని ఒకచోట రాసి, యూజర్‌ను రోజుల తరబడి గుర్తుంచుకునే సౌకర్యం ఇంకోచోట పెడితే ఏది చెల్లుతుంది? ఆ ప్రశ్న బిజినెస్ వాళ్ల దగ్గరికి వెళ్లాలి. వాళ్లు కావాలంటే రిక్వైర్‌మెంట్ రాయాలి, వద్దంటే ఫీచర్‌తో పాటు టెస్టూ పోవాలి. టెస్టును మాత్రం తీసేస్తే ఫీచర్ మిగిలిపోతుంది, దాన్ని చూసేవాళ్లు ఉండరు.

83 ఎలా 100 అయింది, 100 ఎలా 33 అయింది

ఆరింటిలో ఐదు రిక్వైర్‌మెంట్లకు టెస్ట్ ఉంది. కవరేజ్ 83 శాతం. రిలీజ్ దగ్గర పడుతోంది, 100 కావాలని పైనుంచి అడిగారు. అప్పుడు జరిగేది నేను చాలాసార్లు చూశాను. ఎవరో ఒకరు ఇలా ఆలోచిస్తారు: T-11లో లాగిన్ అవుతున్నాం, లాగిన్ అయితే లాగ్‌లో నమోదవుతుంది, కాబట్టి T-11 R-06ను కూడా కవర్ చేస్తున్నట్టే. గడిలో ఒక x పడుతుంది. కవరేజ్ 100 శాతం.

T-11ను తెరిచి చూద్దాం. దాని చివరి స్టెప్‌లో రాసిన ఆశించిన ఫలితం: “హోమ్ పేజీ తెరుచుకోవాలి”. లాగ్‌ను తెరిచే స్టెప్ అందులో లేనే లేదు. లాగింగ్ మొత్తం ఆగిపోయినా హోమ్ పేజీ తెరుచుకుంటుంది, T-11 పాస్ అవుతుంది. పైగా R-06 విఫలమైన ప్రయత్నాలను కూడా నమోదు చేయమంటోంది. T-11 విఫలమైన ప్రయత్నం చేయనే చేయదు.

మ్యాట్రిక్స్‌లో పెట్టే ప్రతి గుర్తూ ఒక హామీ. “ఈ రిక్వైర్‌మెంట్ చెడిపోతే ఈ టెస్ట్ ఫెయిల్ అవుతుంది” అనేదే ఆ హామీ. టెస్ట్ నడిచేటప్పుడు ఆ ఫీచర్ దారిలో తగిలితే సరిపోదు. ఆశించిన ఫలితాల్లో ఏ వాక్యం ఆ రిక్వైర్‌మెంట్‌ను పట్టుకుంటుందో వేలు పెట్టి చూపించగలగాలి. చూపించలేకపోతే ఆ x తీసేయాలి. రివ్యూలో నేను అడిగే ప్రశ్న ఇదొక్కటే. నాకు తెలిసినంతలో ఇంతకంటే ఎక్కువ ఖాళీలను బయటపెట్టే ప్రశ్న ఇంకోటి లేదు.

అనుమానం ఉంటే చేసి చూడవచ్చు. డెవలపర్‌ను అడిగి టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో లాగ్ రాసే లైనును కాసేపు ఆపించండి. టెస్టులన్నీ నడపండి. ఏదీ ఎర్రగా మారకపోతే R-06కు టెస్ట్ లేనట్టే, మ్యాట్రిక్స్ ఏం చెప్పినా సరే. అన్ని రిక్వైర్‌మెంట్లకూ ఇది చేయడం కుదరదు. డబ్బు, భద్రత, ప్రాణం మీదికి వచ్చే వాటికి చేస్తే అరపూట పడుతుంది, అంతే.

ఇప్పుడు R-03 దగ్గరికి వెళ్దాం. అది చూడటానికి ఒక్క రిక్వైర్‌మెంట్. విడదీస్తే నాలుగు. ఐదో తప్పుకు లాక్ పడాలి, ఇది R-03.1. ఆ ఐదు తప్పులూ వరుసగా ఉండాలి, అంటే మధ్యలో ఒకసారి సరైన పాస్‌వర్డ్ ఇస్తే లెక్క మళ్లీ సున్నాకు రావాలి, ఇది R-03.2. లాక్ 30 నిమిషాలు ఉండి ఆ తర్వాత తెరుచుకోవాలి, ఇది R-03.3. ఈమెయిల్ వెళ్లాలి, ఇది R-03.4. ఇందులో ఏ ఒక్కటి పనిచేయకపోయినా మిగతా మూడూ పనిచేయవచ్చు. ఎక్కడ విడదీయాలో తేల్చుకోవడానికి నేను చూసే గుర్తు ఇదే. ఒకటి చెడి ఒకటి బాగుండే వీలుంటే అవి వేరు వేరు వరుసల్లో ఉండాలి.

రిక్వైర్‌మెంట్‌లో “మరియు”, కామా, “ఆ తర్వాత”, “అయితే తప్ప” లాంటివి కనిపిస్తే ఆగి చూడండి. ఇక్కడ “వరుసగా” అనే ఒక్క మాటలో ఒక నియమం మొత్తం దాగి ఉంది. చదివేటప్పుడు కళ్లు దాని మీదుగా జారిపోతాయి. అందుకే దానికి టెస్ట్ రాయడం చాలామంది మర్చిపోతారు.

విడదీశాక వరుసలు తొమ్మిదయ్యాయి. T-14 పట్టుకునేది R-03.1ని మాత్రమే. T-11 నుంచి R-06కు పెట్టిన దొంగ లింకును తీసేశాం. మిగిలింది తొమ్మిదింటిలో ఐదు: R-01, R-02, R-03.1, R-04, R-05. కవరేజ్ 56 శాతం.

ఆ ఐదింటిలోనైనా టెస్ట్ ఉండటం వేరు, నడవడం వేరు, ఈ బిల్డ్ మీద పాస్ కావడం వేరు. ఇప్పటి బిల్డ్ మీద T-16 ఫెయిల్ అయింది, డిఫెక్ట్ తెరిచి ఉంది. T-15 ఇంకా నడపలేదు. కిందటి బిల్డ్‌లో పాస్ అయింది కదా అని అదే రంగును ఉంచేశారు. ఇవి రెండూ పక్కన పెడితే, ఈ బిల్డ్ మీద పరీక్షించి సరిగా ఉన్నాయని చెప్పగలిగేవి తొమ్మిదింటిలో మూడు. 33 శాతం.

సాఫ్ట్‌వేర్‌లో ఒక్క అక్షరం మారలేదు. 100 అని రాసి పంపిన అదే రోజున 33 అని కూడా రాయవచ్చు, రెండూ లెక్క ప్రకారం సరైనవే. కాబట్టి ఎవరైనా కవరేజ్ శాతం చెబితే ముందు దేనిలో ఎంత అని అడగాలి. విడదీసిన వరుసలా, విడదీయనివా? లింకు ఉన్నవా, నడిపినవా, పాస్ అయినవా? ఏ బిల్డ్? నా వరకు నేను మూడు అంకెలను పక్కపక్కనే పెట్టి పంపుతాను: టెస్ట్ ఉన్నవి, ఈ బిల్డ్ మీద నడిచినవి, పాస్ అయినవి. ఒక్క అంకె ఇస్తే అందరూ దాన్ని మూడోదిగానే అర్థం చేసుకుంటారు.

ఖాళీలను పూడ్చడం

R-03.1కు T-14 ఉంది కదా అనుకున్నాం. దాన్ని ఇంకొంచెం దగ్గరగా చూద్దాం. ఐదుసార్లు వరుసగా తప్పు కొట్టి, చివర్లో లాక్ సందేశం వచ్చిందా అని చూస్తుంది. ప్రోగ్రామ్ పొరపాటున మూడో తప్పుకే లాక్ చేస్తోందనుకోండి. టెస్టర్ నాలుగు, ఐదు కూడా కొడతాడు, చివర్లో లాక్ సందేశం ఉంటుంది, పాస్ అవుతుంది. “ఐదు” అనే అంకెను పరీక్షించాలంటే నాలుగు దగ్గర లాక్ పడలేదని కూడా చూడాలి.

అందుకని T-18 రాశాం. నాలుగుసార్లు తప్పు కొట్టి, ఐదోసారి సరైన పాస్‌వర్డ్ ఇవ్వాలి, లోపలికి వెళ్లాలి. బయటికి వచ్చి మళ్లీ ఒకసారి తప్పు కొట్టాలి, లాక్ పడకూడదు. మొదటి సగం R-03.1కు అటువైపు అంచును పట్టుకుంటుంది, రెండో సగం R-03.2ను పట్టుకుంటుంది. ఒక టెస్టుకు రెండు లింకులు పెట్టడం ఇక్కడ న్యాయమే, ఎందుకంటే రెండింటికీ ఆశించిన ఫలితం వేర్వేరు వాక్యాల్లో ఉంది.

T-19 లాక్ వ్యవధికి. 29 నిమిషాల దగ్గర సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా లోపలికి రానివ్వకూడదు, 31 నిమిషాల దగ్గర రానివ్వాలి. అరగంట కూర్చోవడం ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో వ్యవధిని ఒక నిమిషానికి తగ్గించి పరీక్షిస్తుంటారు. లాజిక్ పనిచేస్తోందో లేదో దానితో తెలుస్తుంది, అసలు సెట్టింగ్ సరిగా ఉందో లేదో తెలియదు. సర్వర్ గడియారాన్ని ముందుకు జరిపి పరీక్షించే వీలుంటే అది మేలు. లేకపోతే రిలీజ్‌కు ఒక్కసారైనా అసలు సెట్టింగ్‌తో అరగంట వేచి చూడాల్సిందే. మొదట్లో చెప్పిన మా పొరపాటును T-19 మొదటి రోజే పట్టుకునేది. 29 నిమిషాల దగ్గర తలుపు తెరిచే ఉండేది.

ఈమెయిల్‌కు T-20, ఆడిట్ లాగ్‌కు T-21. T-21లో విఫలమైన ప్రయత్నం, సఫలమైన ప్రయత్నం రెండూ చేసి, లాగ్‌ను తెరిచి రెండు నమోదులనూ చూడాలి. ఈ రెండింటి గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

వరుసలు వందల్లోకి వెళ్లాక కంటితో చూడటం కుదరదు. ఎక్సెల్ అయితే ప్రతి వరుస చివర `=COUNTIF(B2:L2,"x")` పెట్టి, సున్నా వచ్చినవాటిని వడగట్టండి. నిలువు వరుసల కింద కూడా అదే పని చేస్తే అనాథ టెస్టులు తేలతాయి. డేటాబేస్‌లో లింకుల పట్టిక వేరుగా ఉంటే టెస్ట్ లేని రిక్వైర్‌మెంట్లు ఇలా వస్తాయి:

```sql
SELECT r.id
FROM req r
LEFT JOIN link l ON l.req_id = r.id
WHERE l.req_id IS NULL;
```

దీనికి తోడు ఇంకో లెక్క కూడా తీయమంటాను. ఏ టెస్టుకు అన్నిటికంటే ఎక్కువ లింకులున్నాయో చూడండి. ఒకే టెస్టుకు ఇరవై రిక్వైర్‌మెంట్లు కట్టి ఉంటే అది దాదాపు ఎప్పుడూ “మొత్తం ఒకసారి తిరిగి చూడు” తరహా స్మోక్ టెస్టే అయి ఉంటుంది. దాని ఆశించిన ఫలితాలు నాలుగైదు వాక్యాలకు మించవు. అలాంటప్పుడు ఇరవై హామీలు అందులో ఎలా పడతాయి? దొంగ లింకులను వెతకడం అక్కడి నుంచి మొదలుపెడితే తొందరగా దొరుకుతాయి.

రిక్వైర్‌మెంట్ మారింది, టెస్ట్ మారలేదు

ఇంత చేసి మ్యాట్రిక్స్‌ను ఈ రోజుకు సరిచేశామనుకుందాం. రెండు వారాల తర్వాత ఒక మార్పు వచ్చింది. R-04లో సెషన్ వ్యవధిని 15 నిమిషాల నుంచి 10కి తగ్గించారు. డాక్యుమెంట్‌లో అంకె మారింది. T-15ను ఎవరూ ముట్టుకోలేదు. అది ఇప్పటికీ 15 నిమిషాలు ఆగి, సెషన్ ముగిసిందా అని చూస్తుంది.

డెవలపర్ కోడ్‌ను 10కి మార్చాడనుకోండి. 15 నిమిషాల దగ్గర సెషన్ ఎప్పుడో ముగిసి ఉంటుంది, T-15 పాస్. డెవలపర్ మార్చడం మర్చిపోయి 15నే ఉంచాడనుకోండి. అప్పుడూ T-15 పాస్. మార్పు జరిగినా జరగకపోయినా ఈ టెస్టుకు తేడా తెలియదు. మ్యాట్రిక్స్‌లో లింకు ఉంది, టెస్ట్ నడిచింది, పాస్ అయింది. మూడు అంకెల్లోనూ R-04 పచ్చగానే ఉంటుంది. తొలి లింకు పెట్టినప్పుడు హామీ నిజమే. తర్వాత రిక్వైర్‌మెంట్ కదిలింది, హామీ అక్కడే ఉండిపోయింది.

దీనికి మందు ఒకటుంది, కష్టమైంది కూడా కాదు. ప్రతి రిక్వైర్‌మెంట్‌కూ వెర్షన్ నంబరు ఉంచాలి. లింకు పెట్టేటప్పుడు, ఏ వెర్షన్‌ను చదివి ఈ లింకు పెట్టామో అందులో రాసుకోవాలి. రిక్వైర్‌మెంట్ మారగానే దాని వెర్షన్ పెరుగుతుంది, లింకులో పాత నంబరే ఉంటుంది. అలా వెనకబడిన లింకును అనుమానిత లింకు కింద లెక్కేస్తాం. పెద్ద టూల్స్‌లో దీన్ని సస్పెక్ట్ లింక్ అంటారు. సొంతంగా పెట్టుకున్న పట్టికలో అయితే ఇంతే:

```sql
SELECT l.req_id, l.test_id
FROM link l
JOIN req r ON r.id = l.req_id
WHERE l.req_ver < r.ver;
```

ఈ జాబితాలో వచ్చిన ప్రతి టెస్టునూ ఒక మనిషి తెరిచి చదవాలి. మార్చాల్సి ఉంటే మార్చాలి, అవసరం లేదంటే లింకులోని వెర్షన్‌ను పెంచి అనుమానం తీసేయాలి. అప్పటిదాకా ఆ వరుసను కవరేజ్‌లో లెక్కపెట్టకూడదు. ఇక్కడ ఒక చెడ్డ అలవాటు గురించి చెప్పాలి. అచ్చుతప్పు సరిచేసినా వెర్షన్ పెరుగుతుంది, అనుమానిత లింకులు పదుల్లో వస్తాయి. విసుగొచ్చి అన్నిటినీ ఒకేసారి ఎంచుకుని అనుమానం తీసేస్తారు. అందులో 15 నుంచి 10కి మారినదీ కొట్టుకుపోతుంది. అర్థం మారని సవరణలకు వెర్షన్ పెంచకుండా ఉండే వీలును ముందే ఏర్పాటు చేసుకుంటే ఈ బెడద తగ్గుతుంది.

నంబర్ల గురించి కూడా ఒక మాట. తీసేసిన రిక్వైర్‌మెంట్ నంబరును ఇంకోదానికి ఇవ్వకండి. R-05ను రద్దు చేసి, ఆరు నెలల తర్వాత వచ్చిన కొత్త రిక్వైర్‌మెంట్‌కు ఆ నంబరే ఇస్తే, పాత టెస్టులన్నీ సంబంధం లేని కొత్తదానికి అతుక్కుంటాయి. అది కవర్ అయినట్టు కనిపిస్తుంది. రద్దయిన వరుసను రద్దు అని రాసి అక్కడే ఉంచేయాలి.

మ్యాట్రిక్స్‌కు అందనిది

1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ మొదటి ప్రయాణంలోనే, బయల్దేరిన సుమారు 40 సెకన్లకు దారి తప్పి ముక్కలైంది. విచారణ బోర్డు నివేదికను ట్రేసబిలిటీ కళ్లతో చదివితే రెండు విషయాలు కనిపిస్తాయి.

రాకెట్ ఏ దిశలో ఉందో, ఎలా కదులుతోందో చెప్పే వ్యవస్థలోని సాఫ్ట్‌వేర్‌ను ఏరియన్ 4 నుంచి తీసుకున్నారు. అందులో ఒక 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చే చోటు ఉంది. ఏరియన్ 5 అడ్డంగా వెళ్లే వేగం పాతదాని కంటే చాలా ఎక్కువ. విలువ 16 బిట్లలో పట్టలేదు, వ్యవస్థ ఆగిపోయింది. ఏరియన్ 5 ప్రయాణ పథానికి సంబంధించిన వివరాలను ఆ వ్యవస్థ రిక్వైర్‌మెంట్లలో చేర్చనే లేదని బోర్డు రాసింది. లేని వరుసకు టెస్ట్ లేదని ఏ మ్యాట్రిక్స్ చెబుతుంది? అడ్డంగా ఎంత శ్రద్ధగా చదివినా ఆ ఖాళీ కనిపించదు.

రెండోది నిలువుగా చదివితే కనిపించేది. ఆ లెక్క చేస్తున్న భాగం రాకెట్ లేవక ముందు మాత్రమే పనికొచ్చేది. లేచాక కూడా కాసేపు అది నడుస్తూ ఉండటం ఏరియన్ 4 కాలపు అవసరం. ఏరియన్ 5కు ఆ అవసరం లేదని అదే నివేదిక చెబుతోంది. మన T-17 చెక్‌బాక్స్‌ను చూసి అడిగిన ప్రశ్ననే ఆ కోడ్‌ను చూసి కూడా అడగవచ్చు: గాల్లో ఉండగా ఇది ఎందుకు నడుస్తోంది, ఈ రాకెట్ రిక్వైర్‌మెంట్లలో ఏది దీన్ని అడుగుతోంది? జవాబు లేని కోడ్ ఏ రోజు అడ్డం తిరుగుతుందో చెప్పలేం.

రాయని రిక్వైర్‌మెంట్లను మ్యాట్రిక్స్ చూపించదు కాబట్టి వాటిని వేరే వైపు నుంచి వెతకాలి. డీఓ-178సిలో దీనికి ఒక పద్ధతి ఉంది, మామూలు ప్రాజెక్టుల్లోనూ అది పనికొస్తుంది. రిక్వైర్‌మెంట్ల నుంచి రాసిన టెస్టులను మాత్రమే నడిపి, కోడ్‌లో ఏ లైన్లు నడవలేదో కవరేజ్ టూల్‌తో చూస్తారు. నడవని లైను కనిపిస్తే, ఆ లైను కోసం కొత్త టెస్ట్ రాసేసి అంకె పెంచుకోవడం కాదు పని. ముందు కారణం తేల్చాలి. రిక్వైర్‌మెంట్ ఉండి టెస్ట్ సరిగా లేదా, రిక్వైర్‌మెంటే రాయలేదా, లేక ఎవరికీ అక్కర్లేని కోడా?

మన లాగిన్ మాడ్యూల్ మీద ఇదే చేసి చూస్తే ఎలా ఉంటుందో చెబుతాను. T-11 నుంచి T-21 దాకా, అనాథ T-17ను పక్కనపెట్టి నడిపాం. “నన్ను గుర్తుంచుకో” కోడ్ నడవలేదు, అది ఊహించిందే. దానితో పాటు ఇంకో పది లైన్లు ఎర్రగా మిగిలాయి. తెరిచి చూస్తే, అడ్మిన్ ఒక లాక్ అయిన ఖాతాను 30 నిమిషాలు ఆగకుండా చేత్తో తెరిచే సౌకర్యం. హెల్ప్ డెస్క్ వాళ్లు అడిగితే డెవలపర్ పెట్టాడు. వాళ్లకు అది నిజంగా అవసరమే. కానీ ఎవరికి ఆ హక్కు ఉండాలో, తెరిచినప్పుడు ఆడిట్ లాగ్‌లో ఎవరి పేరు పడాలో ఎక్కడా రాసి లేదు. R-06 లాగిన్ ప్రయత్నాల గురించే మాట్లాడుతుంది, అడ్మిన్ తెరవడం దాని కిందికి రాదు.

అలా మ్యాట్రిక్స్‌లోకి R-07 వచ్చింది. దాన్ని రాసేటప్పుడే ఎవరు తెరవవచ్చు, ఏం నమోదు కావాలి, యూజర్‌కు తెలియాలా అని మూడు వరుసలుగా విడదీశాం. మూడింటి ఎదురుగా ఇంకా గడులు ఖాళీగానే ఉన్నాయి. కవరేజ్ శాతం మళ్లీ తగ్గింది.